నాలుగు సీసాల్లోంచి నలభై రంగులు

*మాస్టారూ, నమస్కారం. కృష్ణా జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. డ్రాయింగ్ టీచర్ లేరు కాబట్టి ఏడో తరగతి డ్రాయింగ్ పీరియడ్లు నాకే వేశారు. పిల్లలు 40 మంది. బీరువాలో ఉన్నవి 100 మి.లీ. పోస్టర్ కలర్ సీసాలు నాలుగు (ఎరుపు, పసుపు, నీలం, తెలుపు), బ్రష్‌లు 16, కొన్ని చార్టులు, ఒక ప్యాకెట్ డ్రాయింగ్ పేపర్లు. 45 నిమిషాల పీరియడ్లు రెండు దొరుకుతాయి. రంగులు కలపడం నేర్పాలి, పిల్లలు తమకు నచ్చింది చేసుకోవాలి, నవంబర్ 14కి గోడ మీద పెట్టేలా ఉండాలని హెచ్.ఎం. గారు అన్నారు. పోయినసారి ఇష్టమొచ్చింది వేయమంటే అందరూ రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, పక్కన గుడిసె వేశారు. రంగులన్నీ కలిసి బురదయ్యాయి. ఏం చేయమంటారు?*

*— ఒక తెలుగు టీచర్*

టీచర్ గారూ,

కొండలూ సూర్యుడూ వచ్చాయని పిల్లల్ని ఏమీ అనకండి. ఏం వేయాలో, ఎలా వేయాలో, ఏ రంగు పూయాలో అన్నీ ఒకేసారి తేల్చుకోమంటే చేతికి అలవాటైన బొమ్మే వస్తుంది. ఈసారి బొమ్మను పక్కన పెట్టేయండి. ప్రతి ఒక్కరూ ఇంటి నుంచో దారిలోంచో ఒక చిన్న వస్తువు తెచ్చుకోవాలి. ఆ వస్తువు రంగును మీ నాలుగు సీసాల్లోంచి పుట్టించాలి. పాఠమంతా అదే.

నియమాలు రెండే పెట్టండి. సీసాలోంచి తీసిన రంగును తీసినట్టే కాగితం మీద పూయకూడదు. కలిపిన ప్రతిదీ లెక్క రాసుకోవాలి. ఈ రెండూ కచ్చితంగా ఉంటే మిగతాదంతా పిల్లల ఇష్టానికి వదిలేయొచ్చు: ఏ వస్తువు తేవాలి, వచ్చిన రంగుతో కాగితాన్ని ఎలా విభజించాలి, ఆ రంగుకు ఏం పేరు పెట్టాలి. పేరు పెట్టడం తెలుగు టీచర్ క్లాసులో ఉండాల్సిందే. "బ్రౌన్" అని రాస్తే ఒప్పుకోకండి. "చింతగింజ తొక్క", "మా ఇంటి పెంకు", "వాన వెలిశాక దారి" అని రాయాలి.

తేవాల్సిన వస్తువు గురించి ముందు రోజే చెప్పండి. రెండు పీరియడ్లకూ మధ్య నాలుగైదు రోజులు ఉంటే పువ్వులు వాడిపోతాయి. ఆకు తెచ్చేవాళ్లు రెండోసారి అదే చెట్టు నుంచి తాజాది తెచ్చుకోవాలి. మట్టిబెడ్డ, ఇటుకముక్క, ఎండిన కాయ, గింజలు, గుడ్డపీలిక, పాత చీర అంచు లాంటివైతే ఇబ్బంది లేదు. గాజుముక్కలు వద్దు. తళతళలాడే చాక్లెట్ కాగితాలు, కళ్లు చెదిరే ఫ్లోరసెంట్ రంగులు కూడా వద్దు. అవి ఏ పోస్టర్ కలర్‌తోనూ రావు, పిల్లాడు పీరియడంతా కష్టపడి ఏడుపు మొహంతో కూర్చుంటాడు.

ఇక మీరు ఇంట్లో చేసుకోవాల్సిన పని ఒకటుంది. ఆ నాలుగు సీసాలూ ఇంటికి తీసుకెళ్లి, ఎరుపులో కొంచెం నీలం కలిపి చూడండి. ఊదా వస్తుందని మనందరం చిన్నప్పుడు చదువుకున్నాం. చాలా స్కూళ్లలో వచ్చేది మాత్రం ముదురు గోధుమ రంగు, ఎండిన రక్తం లాంటిది. తప్పు మీ చేతిది కాదు. ఎరుపు అనే పేరుతో రెండు మూడు వేరువేరు రంగులు అమ్ముతారు. సీసా మీద స్కార్లెట్ అనో వెర్మిలియన్ అనో ఉంటే అది నారింజ వైపు ఒరిగిన ఎరుపు, అంటే అందులో పసుపు ఛాయ ముందే ఉన్నట్టు. క్రిమ్సన్ అని ఉంటే అది ఊదా వైపు ఒరిగిన ఎరుపు. నీలమూ అంతే. అల్ట్రామెరైన్ ఊదా వైపు, ప్రష్యన్ బ్లూ ఆకుపచ్చ వైపు ఒరుగుతాయి. పసుపుల్లో లెమన్ ఎల్లో ఆకుపచ్చకు దగ్గర, క్రోమ్ ఎల్లో నారింజకు దగ్గర.

ఎందుకిలా అంటే, రంగు అనేది వెలుతురులోంచి కొంత మింగేసి మిగిలినదాన్ని మన కంటికి పంపుతుంది. రెండు రంగులు కలిపితే రెండూ మింగగా మిగిలిందే కనిపిస్తుంది. లెమన్ ఎల్లో, ప్రష్యన్ బ్లూ రెండూ ఆకుపచ్చ వెలుతురును కొంత వదిలేస్తాయి కాబట్టి, ఆ రెంటినీ కలిపితే చిలకపచ్చ వస్తుంది. అల్ట్రామెరైన్ ఆకుపచ్చను పెద్దగా వదలదు. దానికి క్రోమ్ ఎల్లో తోడైతే వచ్చేది మాసిన ఆకుపచ్చ, ఊరగాయలో మాగిన మామిడిముక్క తొక్క రంగు. అదీ మంచి రంగే, ఆకులకు పనికొస్తుంది. కానీ చిలకపచ్చ వస్తుందని బోర్డు మీద రాసి, అది రాకపోతే పిల్లలు తమదే తప్పనుకుంటారు.

అందుకని మీ సీసాలతో ఏది వస్తుందో ఏది రాదో ముందే చూసుకోండి. ఎరుపు, నీలం కలిస్తే గోధుమ రంగే వస్తోందనుకోండి, "ఎరుపు + నీలం = ఊదా" అన్న వాక్యం ఈ పాఠంలో చెప్పకండి. శంఖుపూలు, వంకాయలు తేవద్దని పిల్లలకు ముందే చెప్పేయండి. హెచ్.ఎం. గారు ఒక్క సీసాకు డబ్బులిస్తే క్రిమ్సన్ కొనండి, ఆ తలుపు తెరుచుకుంటుంది. కొత్తది కొనేటప్పుడు విషరహితం అని రాసి ఉన్నదే తీసుకోండి.

మీ జిల్లాలోనే పెడనలో కలంకారీ అద్దకం ఉంది కదా. పాత పద్ధతి అద్దకంలో ఆకుపచ్చ కోసం విడిగా రంగు ఉండేది కాదు, నీలిమందు అద్దిన చోటే పైన పసుపు వేసేవారు. ఆ పనివాళ్ల ఇళ్ల పిల్లలు మీ క్లాసులో ఉంటే ఈ సంగతి వాళ్లచేతే చెప్పించండి. ఆకుపచ్చ సీసా మన దగ్గర లేదేమిటని అడిగే పిల్లలకు అంతకంటే మంచి జవాబు ఉండదు.

సరే, రంగు ఎంత కావాలి? 100 మి.లీ. చూసి భయపడకండి. పదేసి సెంటీమీటర్ల చదరం మీద ఒక పూత పూయడానికి 1 మి.లీ. రంగు చాలు. పిల్లల్ని ఐదుగురు చొప్పున ఎనిమిది జట్లు చేయండి. మొదటి పీరియడ్‌లో జట్టుకు పసుపు ఒక టీచెంచా, తెలుపు ఒక టీచెంచా, ఎరుపు అర చెంచా, నీలం పావు చెంచా. పాత డబ్బా మూతల్లో వేసి ఇవ్వండి. రెండో పీరియడ్‌లోనూ అంతే, నీలం మాత్రం అర చెంచాకు పెంచండి. టీచెంచా అంటే 5 మి.లీ. కాబట్టి రెండు పీరియడ్లకూ కలిపి పసుపు 80, తెలుపు 80, ఎరుపు 40, నీలం 30 మి.లీ. అవుతాయి. మీరు చూపించడానికీ, ఎవరైనా ఒలకబోస్తే ఇవ్వడానికీ ఇంకా మిగులుతుంది. ఎప్పుడూ ముందు అయిపోయేవి పసుపు, తెలుపే. ఎరుపు, నీలం సగానికి పైగా సీసాలోనే ఉండిపోతాయి. వచ్చే ఏడు నాలుగు సీసాల సెట్టు కొనే బదులు పసుపు, తెలుపు రెండే కొంటే సరిపోతుంది.

నీలం అంత తక్కువ ఎందుకంటే దాని బలం అలాంటిది. ప్రష్యన్ బ్లూ అయితే మరీను. పసుపు ఎక్కువగా ఉన్న ముద్దలో చుక్క నీలం పడితే మొత్తం ఆకుపచ్చ అయిపోతుంది. నీలంలో చుక్క పసుపు వేస్తే ఏమీ జరగదు, పిల్లాడు ఇంకో చుక్క, ఇంకో చుక్క అంటూ జట్టు పసుపంతా పోసేస్తాడు. అందుకే లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత, అదీ కొనకు తగిలించి. ఈ ఒక్క వరసను బోర్డు మీద పెద్దగా రాయండి.

కొలతకు చెంచాలు పెద్దవైపోతాయి. ఐస్‌క్రీమ్ పుల్ల కొనకు గోరంత మేర వచ్చినదాన్ని ఒక "పుల్ల" అందాం. అగ్గిపుల్ల వెనక కొనకు వచ్చినదాన్ని ఒక "చుక్క" అందాం. పసుపు, తెలుపు పుల్లలతో తీసుకోవాలి. ఎరుపు, నీలం చుక్కలతో తీసుకోవాలి. ఏ రంగు పుల్ల ఆ రంగు మూతలోనే ఉండాలి.

పోయినసారి మీ దగ్గర రంగులు బురదైన చోటు ఇదే. పిల్లలు బ్రష్‌తో పసుపు తీసుకుని, అదే బ్రష్‌ను నీలంలో ముంచి, మళ్లీ పసుపులోకి వచ్చి ఉంటారు. పది నిమిషాల్లో మూతలోని పసుపు ఆకుపచ్చ అయిపోతుంది, ఆపైన అందులో ఎరుపు పడితే మూడూ కలిసి బురద. కాబట్టి మొదటి పీరియడ్‌లో బ్రష్‌లు అసలు బయటికి తీయకండి. కలపడం పుల్లలతోనే, పూసి చూడడం వేలితోనో పుల్లతోనో. ఉన్న 16 బ్రష్‌లు జట్టుకు రెండు చొప్పున రెండో పీరియడ్‌కు దాచండి. అప్పుడు కూడా బ్రష్ మూతలోకి వెళ్లకూడదు, కలిపిన ముద్దలోకే వెళ్లాలి. జట్టుకు రెండు మగ్గుల నీళ్లు పెట్టండి: ఒకటి మురికి కడగడానికి, ఇంకొకటి జాడించడానికి. రెండో మగ్గు నీళ్లు గోధుమ రంగుకు తిరిగాయంటే ఆ బల్ల మీద కొత్తగా కలిపే ప్రతి రంగూ మాసిపోతుంది. అది చూడగానే నీళ్లు మార్పించండి, కలిపిన రంగు మాసేదాకా ఆగకండి.

కలపడానికి పాల ప్యాకెట్లు కోసి పరిచి బల్లకు అంటించినా చాలు, పాత లామినేషన్ కవర్లయినా చాలు. మధ్యాహ్న భోజనం కంచాలు మాత్రం వాడనివ్వకండి. కడిగితే పోతుందంటారు, వద్దు.

ఇప్పుడు క్లాసులో మీరు ముందు నిలబడి చేసి చూపించాల్సింది ఒకే ఒక్కటి. ఒక జామాకు తీసుకోండి. తెల్ల అట్టముక్క మీద పంచింగ్ మెషిన్‌తో రెండు రంధ్రాలు పక్కపక్కనే కొట్టండి. ఒక రంధ్రం కింద ఆకు ఉంచి పిల్లల్ని దగ్గరికి పిలిచి చూడమనండి. ఆకును చూస్తే అందరూ "గ్రీన్" అనేస్తారు, కళ్లు అక్కడితో ఆగిపోతాయి. రంధ్రంలోంచి చూస్తే అది ఆకు కాదు, ఒట్టి రంగు. అప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. లేతగా ఉందా, ముదురుగా ఉందా? పసుపు వైపు ఒరిగిందా, నీలం వైపా? మెరుస్తోందా, మాసినట్టుందా? ఈ మూడు ప్రశ్నలు పీరియడంతా వాళ్ల నోట నలగాలి. ఇంకో పదం నేర్పక్కర్లేదు.

తర్వాత మూడు పుల్లల పసుపు పెట్టి, ఒక చుక్క నీలం కలపండి. లేత చిగురు రంగు వస్తుంది. ఇంకో చుక్క వేస్తే చిలకపచ్చ. కాగితం చివర పూసి, రెండో రంధ్రం కింద పెట్టండి. ఇప్పుడు పక్కపక్కన ఆకూ మీ రంగూ. పిల్లలే చెబుతారు, మనది మరీ మెరిసిపోతోంది, ఆకు మాసినట్టుంది అని. ఇంకాస్త నీలం వేద్దామా అని అడగండి. వేస్తే ముదురవుతుంది కానీ మాయదు, నీలం వైపు జారిపోతుంది. ఇప్పుడు ఎరుపు ఒక్క చుక్క వేయండి. క్లాసులో ఒక "అయ్యో" వినిపిస్తుంది. కలిపేసరికి ఆ పచ్చదనం ఒక్కసారి దిగి, కూర్చుని, జామాకు అవుతుంది. ఈ క్షణం కోసమే మీరు ముందు నిలబడింది. ఆకుపచ్చను మాపేది ఎరుపు, నారింజను మాపేది నీలం, ఊదాను మాపేది పసుపు. నల్లరంగు అడిగేవాళ్లకు ఇదే జవాబు. నలుపు వేస్తే ఆకుపచ్చ చచ్చిపోతుంది, పసుపులో నలుపు వేస్తే ఒక రకం బూజు పచ్చ వస్తుంది.

బోర్డు మీద లెక్క రాయండి: జామాకు, పైవైపు: పసుపు 3 పుల్లలు, నీలం 2 చుక్కలు, ఎరుపు 1 చుక్క. ఆకు తిరగేస్తే కిందివైపు వెలిసినట్టుంటుంది, అదే ముద్దలో ఒక పుల్ల తెలుపు కలపాలి. మీ సీసాల్లో ఈ అంకెలు మారతాయి, ఇంట్లో మీకు వచ్చినవే వాడండి. అంతా కలిపి పది నిమిషాలు మించకూడదు.

మిగిలిన సమయంలో పిల్లలు తమ వస్తువుతో ఇదే చేయాలి. మట్టి, ఇటుక, కాయల తొక్కలు తెచ్చినవాళ్లే ఎక్కువమంది ఉంటారు. వాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తడుముకుంటారు. గోధుమ రంగులన్నీ నారింజలోంచి పుడతాయని చెప్పండి. పసుపులో ఎరుపు చుక్కలు వేసి ముందు నారింజ చేసుకుని, దాన్ని నీలం చుక్కతో దించాలి. ఎరుపు ఎక్కువైతే ఇటుక, పసుపు ఎక్కువైతే మట్టి, నీలం ఎక్కువైతే చింతగింజ. తెలుపు కలిస్తే ఇసుక.

ఒక్కో ప్రయత్నాన్నీ నోటుపుస్తకంలో బొటనవేలంత మచ్చగా పూసి, పక్కన లెక్క రాసుకోవాలి. కుదరనివి కొట్టేయనివ్వకండి. ఏ చుక్కతో రంగు ఎటు జరిగిందో వాటిలోనే కనిపిస్తుంది. లెక్క ఎందుకు రాయాలని అడుగుతారు. కలిపిన పోస్టర్ కలర్ వచ్చే పీరియడ్‌దాకా నిలవదు, ఎండి పెళుసైపోతుంది. రెండోసారి అదే రంగు రావాలంటే చేతిలో ఉండేది ఆ లెక్కే. చివరి పది నిమిషాలు కడగడానికి వదిలేయండి, ఎనిమిది జట్లు ఒకే కుళాయి దగ్గర చేరితే అంతకన్నా తక్కువలో అవదు.

ఇంకో చిక్కు చెప్పాలి. తడిగా ఉన్నప్పుడు సరిపోయిన రంగు ఆరాక సరిపోకపోవచ్చు. పోస్టర్ కలర్లలో తెలుపు ఎక్కువ ఉన్న లేత రంగులు ఆరితే కాస్త ముదురుతాయి. బాగా ముదురు రంగులు ఆరితే కాస్త వెలుస్తాయి. పిల్లాడు సరిపోయిందని చేతులు ఎత్తగానే ఒప్పుకోకండి, మచ్చ ఆరాక వస్తువును దాని మీద పెట్టి చూపించమనండి. తేడా ఉంటే లెక్కలో ఒక చుక్క సవరించుకుంటాడు.

రెండో పీరియడ్‌కు ముందు ఏ4 డ్రాయింగ్ పేపర్లను అడ్డంగా సగానికి కోసి పెట్టుకోండి, 20 పేపర్లలో 40 ముక్కలు వస్తాయి. ప్రతి ముక్క మీద 12 సెంటీమీటర్ల చదరం పెన్సిల్‌తో గీయించండి. ఆ చదరాన్ని మూడు భాగాలుగా ఎలా విభజించుకోవాలన్నది పిల్లల ఇష్టం. అడ్డగీతలు గీయనివ్వండి, అలలు గీయనివ్వండి, తెచ్చిన వస్తువు ఆకారాన్నే పెద్దదిగా గీసుకోనివ్వండి. కొండలూ సూర్యుడూ గీసినా పరవాలేదు, మూడు భాగాలే ఉండాలి. ఈసారి ఆ సూర్యుడు చింతగింజ రంగులో ఉంటాడు.

మూడు భాగాలకూ మూడు రంగులు, మూడూ ఒకే లెక్కలోంచి రావాలి. పిల్లలు తమ లెక్కను మూడు రెట్లు చేసి ఒక ముద్ద కలుపుకుంటారు. జామాకుదైతే పసుపు 9 పుల్లలు, నీలం 6 చుక్కలు, ఎరుపు 3 చుక్కలు. దాన్ని మూడు కుప్పలు చేయాలి. ఒకటి అలాగే ఉంచాలి. ఒకదానిలో తెలుపు కలపాలి. మూడోదాన్ని ముందు చెప్పిన మాపే రంగు చుక్కతో మరికాస్త మాపాలి. నలభై మంది నలభై రంగులతో వచ్చినా గోడ మీద గందరగోళం అనిపించకపోవడానికి కారణం ఇదే: ప్రతి చదరంలోనూ మూడు రంగులకూ చుట్టరికం ఉంటుంది.

ఐదుగురికి రెండు బ్రష్‌లంటే వంతులు తప్పవు. గిన్నెలు తోమే స్పాంజిని రెండు వేళ్ల వెడల్పు ముక్కలుగా కోసి అందరికీ ఒకటివ్వండి. భాగం మధ్యలో స్పాంజితో అద్దడం, గీతల వెంబడి అంచులు మాత్రం బ్రష్‌తో. రంగు మీగడలా ఉండాలి. నీళ్లు ఎక్కువ పోస్తే కాగితం ఉబ్బి, ఆరాక చారలు తేలుతుంది. బ్రష్‌తో తీసినప్పుడు రంగు జారి కింద పడుతుంటే నీళ్లు ఎక్కువైనట్టే. పెన్సిల్ చదరం దాటి పూసినా ఏమీ అనకండి, అటుపక్క ఎటూ కోసేస్తాం.

గోడ మీద పెట్టేలా ఉండడం అంటే నా దృష్టిలో సగం ఈ కోతలోనే ఉంది. చిన్న చేతులతో అంచు దాకా శుభ్రంగా పూయడం ఎవరివల్లా కాదు. 12 సెంటీమీటర్లు పూయించి, పూర్తిగా ఆరాక 10 సెంటీమీటర్ల అట్టముక్కను మీద పెట్టి చుట్టూ కోసేస్తే ప్రతిదీ నిక్కచ్చిగా వస్తుంది. అట్టను కాస్త అటూ ఇటూ జరిపి ఎక్కడ కోయాలో పిల్లలే చెప్పాలి, స్టీలు స్కేలు, కట్టర్ మాత్రం మీ చేతిలోనే ఉండాలి. పోస్టర్ కలర్ పూసిన కాగితం చుట్ట తిరుగుతుంది కాబట్టి కోసినవాటిని ఒక రాత్రంతా బరువైన రిజిస్టర్ల కింద ఉంచండి. ఆరకుండా పెడితే ఒకదానికొకటి అంటుకుని ఊడిరావు.

చార్టు సాధారణంగా 56 × 71 సెంటీమీటర్లు ఉంటుంది, ఒకసారి కొలిచి చూసుకోండి. తెల్ల చార్టులు రెండు తీసుకుని 14 సెంటీమీటర్ల గళ్లు గీస్తే అడ్డంగా 4, నిలువుగా 5, చార్టుకు 20. రెండు చార్టులకు సరిగ్గా 40. గడిలో పైనా, రెండు పక్కలా రెండేసి సెంటీమీటర్లు వదిలి చదరం అంటిస్తే కింద రెండు సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. అక్కడ పిల్లలు రంగు పేరు, లెక్క, తమ పేరు రాస్తారు. జిగురు నాలుగు మూలలకే, అదీ గ్లూ స్టిక్ అయితే మంచిది. మైదా పేస్టు వెనకంతా పూస్తే తేమకు కాగితం మళ్లీ ఉబ్బుతుంది, ఒక్కోసారి రంగు వేలికి వస్తుంది.

అంటించే ముందు ఒక పావుగంట దొరికితే వదులుకోకండి. చార్టులు నేల మీద పరిచి, చదరాలను ఏ వరుసలో పెట్టాలో పిల్లల్నే తేల్చమనండి. హాజరు పట్టీ వరుస వద్దు. లేత నుంచి ముదురుకా, పసుపు నుంచి నీలానికా అని వాదించుకోనివ్వండి. లేత ముదురు తేలకపోతే కళ్లు సగం మూసి చూడమనండి, రంగు తగ్గి వెలుగు నీడలే మిగులుతాయి. అప్పుడు వాళ్లకు ఒకటి కనిపిస్తుంది. పసుపు పక్కన ముదురుగా ఉన్న మట్టిరంగు చింతగింజ పక్కకు జరిపితే లేతగా అయిపోతుంది.

పారిస్‌లో గోబెలిన్స్ అనే నేత కార్ఖానాలో అద్దకాల పనికి పెద్దగా ఉన్న షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తకు 19వ శతాబ్దంలో ఇదే తగిలింది. నలుపు దారాలకు అద్దకం సరిగా లేదని ఫిర్యాదులొస్తే, ఆయన వెతికి చూసి, అద్దకంలో లోపం లేదు, పక్కనున్న రంగుల వల్లే నలుపు వెలిసినట్టు కనిపిస్తోందని తేల్చాడు. దాని మీద 1839లో ఒక పెద్ద గ్రంథమే వేశాడు. మీ పిల్లలు నేల మీద రెండు చదరాలు అటూ ఇటూ మార్చి అదే చూస్తారు. అందుకే వెనక చార్టు తెలుపే ఉండాలి. రంగు చార్టు వాడితే మీద ఉన్న నలభైకీ అది తన రంగు పూసేస్తుంది. చుట్టూ మెరుపు కాగితం, థర్మోకోల్ అక్షరాలు కూడా వద్దండి. అవి పెడితే చూడ్డానికి వచ్చినవాళ్లు వాటినే చూస్తారు. పైన "నాలుగు సీసాలు, నలభై రంగులు" అని ఒక వరుస రాయించి, కింద బల్ల మీద ఆ నాలుగు సీసాలూ, పిల్లలు తెచ్చిన వస్తువులూ కలగలిపి పెట్టండి. ఏ వస్తువు ఏ చదరానిదో వచ్చిన తల్లిదండ్రులు వెతుక్కుంటారు.

మార్కులు వేయమంటే చదరం అందాన్ని చూసి వేయకండి. ఒకరి లెక్కను ఇంకొకరికిచ్చి కలపమనండి. దగ్గరి రంగు వచ్చిందంటే రాసినవాడు సరిగ్గా రాశాడు, కలిపినవాడు సరిగ్గా కలిపాడు.

రెండు చార్టులూ పక్కపక్కన పెడితే 112 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. మధ్య వరుస ఏడో తరగతి పిల్లల కంటి ఎత్తుకు రావాలి, హెచ్.ఎం. గారి కంటి ఎత్తుకు కాదు. వరండాలో పెట్టాలనిపిస్తుంది కానీ నవంబర్‌లో మన తీరానికి తుఫాను వానలు కొత్త కాదు. పోస్టర్ కలర్ ఆరినా నీళ్లకు కరుగుతుంది, జల్లు తగిలితే పై వరుస రంగు కింది వరుస పేర్ల మీదికి దిగుతుంది. క్లాసు లోపల, కిటికీకి ఎదురుగా కాకుండా పక్క గోడకు పెట్టండి.